థైరాయిడ్ బిళ్ళ: తెల్లారి కాఫీకి ముందా, రాత్రి పడుకునే ముందా?

కావలిలో మా మందుల షాపుకి నెలనెలా వచ్చే ఒక అక్క ఉంది. వయసు 48. మూడేళ్లుగా 75 మైక్రోగ్రాముల థైరాయిడ్ బిళ్ళ వేసుకుంటోంది. మా దగ్గర అందరూ అనే మాటలో అయితే 75 పవర్. ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తగ్గితే పెరిగి, ఎక్కువైతే తగ్గే రక్తపరీక్ష అంకె టీఎస్‌హెచ్, అది ఎప్పుడు చూసినా 2.8 దగ్గరే ఉండేది. నిరుడు మోకాళ్ల నొప్పులకి ఎముకల డాక్టరు కాల్షియం రాశారు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. అదే నెలలో రక్తం తక్కువుందని ఇంకో డాక్టరు ఐరన్ రాశారు. విడివిడిగా అయితే మర్చిపోతానని, ఈమె పొద్దున్నే ఆరు గంటలకు మూడు బిళ్ళలూ చేతిలో పోసుకుని ఒక్కసారే మింగి, వెంటనే కాఫీ తాగడం మొదలుపెట్టింది.

నాలుగు నెలలకి టీఎస్‌హెచ్ 9.6 వచ్చింది. డోసు చాలడం లేదనుకుని 100కి పెంచారు. ఈలోగా ఐరన్ కోర్సు అయిపోయింది. మోకాళ్లు కాస్త తేలికపడ్డాయని కాల్షియం తనే మానేసింది. ఇంకో రెండు నెలలకి గుండె దడ, చేతుల వణుకు, నిద్ర లేకపోవడం. టీఎస్‌హెచ్ చూస్తే 0.15. "నాకు థైరాయిడ్ ఎక్కువైందో తక్కువైందో ఎవురికీ తెలియట్లేదబ్బయా" అని కౌంటరు దగ్గర నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆమె థైరాయిడ్ గ్రంథిలో కొత్తగా ఏమీ జరగలేదు. మారింది, మింగిన బిళ్ళలో ఎంత రక్తంలోకి చేరింది అన్నదే. ఆ బిళ్ళలో ఉండే మందు పేరు లెవోథైరాక్సిన్, అందులో ఖాళీ కడుపున అయినా చేరేది మొత్తం కాదు, సుమారు 60 నుంచి 80 శాతం. కడుపులోని ఆమ్లంలో బిళ్ళ కరగాలి, తర్వాత చిన్నపేగులో మందు పీల్చుకోబడాలి. ఆ దారిలో కాల్షియం గానీ ఐరన్ గానీ ఎదురైతే మందుని పట్టుకుని, తమతోపాటే మలంలోకి లాక్కుపోతాయి. 2000లో అమెరికాలో 20 మందికి మూడు నెలలపాటు రోజూ 1200 మిల్లీగ్రాముల కాల్షియాన్ని థైరాయిడ్ బిళ్ళతో కలిపి ఇచ్చి చూశారు. సగటు టీఎస్‌హెచ్ 1.6 నుంచి 2.7కి పెరిగింది. వాళ్లలో అయిదో వంతు మందికి హద్దు దాటింది. కాల్షియం ఆపగానే మళ్లీ దిగింది. ఈ అక్కకి ఐరన్, కాఫీ కూడా తోడయ్యాయి కాబట్టి ఇంకా ఎక్కువ నష్టపోయింది. 75 బిళ్ళ వేసుకుంటూ అంతకంటే చిన్న బిళ్ళతో బతికింది. డోసు పెంచాక అడ్డం తొలగేసరికి, 100లో చేరాల్సినంతా ఒంట్లోకి దిగింది.

అందుకే "టైమింగ్ ఎట్టా ఉన్నా ఫర్వాలేదు, డోసు పెంచుకుంటే సరిపోతుంది" అనే దారిని నేను మొదటే పక్కన పెడతాను. అడ్డం ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు ఉండదో మన చేతిలో లేదు. ఐరన్ కోర్సు ఏదో ఒక రోజు అయిపోతుంది, కాల్షియం షీటు ఒక నెల కొనం. ఇక మిగిలేవి రెండు దారులు: పరగడుపున, లేదా రాత్రి.

పొద్దున దారి అందరికీ తెలిసిందే. లేవగానే మంచినీళ్లతో బిళ్ళ, కనీసం అరగంట, వీలైతే గంట తర్వాతే కాఫీ, టిఫిను. చెప్పడానికి తేలిక. మన ఇళ్లల్లో ఆ గంటే అసలు కష్టం. అయిదున్నరకే పొయ్యి మీద పాలు కాగుతుంటాయి, కాఫీ పడకపోతే తలనొప్పి. "నీళ్లతోనే వేసుకుంటా గదా" అంటారు, ఆ తర్వాత అయిదు నిమిషాలకే కాఫీ. కాఫీ మందు పీల్చుకోవడాన్ని తగ్గిస్తుందని 2008లో ఇటలీ వైద్యులు రాసిన పరిశీలన స్పష్టంగా చూపింది. మన ఫిల్టరు కాఫీలో పాలు కూడా ఉంటాయి, అందులో కాల్షియం ఉంటుంది. పాలు లేని కాఫీ తాగినా ఆ గంట ఆగాల్సిందే.

రాత్రి దారిలో ఆ పేచీ లేదు. భోజనం అయ్యాక మూడు గంటలకు, పడుకునే ముందు బిళ్ళ. పొద్దున లేవగానే కాఫీ తాగేయొచ్చు. నెదర్లాండ్స్‌లో 2010లో వచ్చిన పరిశోధనలో 90 మంది మూడు నెలలు పొద్దున, మూడు నెలలు రాత్రి వేసుకున్నారు. రాత్రి వేసుకున్నప్పుడు టీఎస్‌హెచ్ సుమారు 1.25 తక్కువగా వచ్చింది, అంటే మందు కాస్త ఎక్కువే చేరింది. ఒంట్లో హుషారు, నీరసం లాంటి వాటిలో మాత్రం వాళ్లకేమీ తేడా తెలియలేదు. అంతకు ముందు ఏడాది అమెరికాలో వచ్చిన ఇంకో పరిశోధనలో ఫలితం వేరు. అక్కడ టీఎస్‌హెచ్ పరగడుపున 1.06, రాత్రి 2.19, టిఫినుతోపాటు వేసుకుంటే 2.93. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఒకటే. పగలా రాత్రా అన్నదానికంటే, ఆ సమయానికి కడుపు నిజంగా ఎంత ఖాళీగా ఉందన్నదే ఎక్కువ లెక్క.

అక్కడే రాత్రి దారికి మన వైపు గండి పడుతుంది. భోజనం పెరుగన్నంతో ముగుస్తుంది. తొమ్మిదిన్నరకి చేపల పులుసుతో తిని, పెరుగేసుకుని, పదింటికి పడుకునేవాళ్లకి కడుపు ఖాళీ అయ్యేదెప్పుడు? రొయ్యల చెరువుల మీద పనిచేసే మగవాళ్లు రాత్రి ఏ పదింటికో ఇంటికొస్తే, వాళ్లతోపాటే తినే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. పడుకునే ముందు గ్లాసుడు పాలు తాగే అలవాటు ఇంకొందరిది. వీళ్లకి రాత్రి దారి పేరుకే రాత్రి, లోపల జరిగేది అన్నంలో కలిపి మింగినట్టే. వీళ్లు తెల్లవారుజామునే వేసుకోవడం మేలు.

కాల్షియం, ఐరన్ కూడా ఉన్నవాళ్లకి ఏది మేలో కాగితం మీద గంటలు వేసుకుంటేనే తెలుస్తుంది. థైరాయిడ్ బిళ్ళకి ఆ రెండింటి నుంచీ నాలుగు గంటల దూరం కావాలి. ఐరన్‌కీ కాల్షియానికీ ఒకదానితో ఒకటి పడదు, వాటి మధ్య రెండు గంటలైనా ఉండాలి. ఎక్కువమందికి రాసే కాల్షియం కార్బొనేట్ అన్నంతో పాటైతేనే బాగా కరుగుతుంది. ఐరన్ మాత్రం ఖాళీ కడుపున, నిమ్మకాయ నీళ్లతో బాగా పడుతుంది, కాఫీ టీలు దానికి కూడా శత్రువులే.

ఆ అక్కకి షాపులో కూర్చోబెట్టి రెండు రోజులు రాసి చూపించాను. మళ్లీ రక్తపరీక్ష చేస్తే ఐరన్ ఇంకా తక్కువే ఉందని తేలింది, కాల్షియం కూడా మానొద్దన్నారు. పొద్దున దారి అయితే: 5 గంటలకు థైరాయిడ్, 6కి కాఫీ, ఎనిమిదిన్నరకి ఇడ్లీ, 11కి ఐరన్, ఒకటిన్నరకి అన్నంతో కాల్షియం, రాత్రి భోజనంతో రెండో కాల్షియం. రాత్రి దారి అయితే: లేవగానే కాఫీ, ఎనిమిదిన్నరకి టిఫినుతో మొదటి కాల్షియం, 11కి ఐరన్, ఒకటిన్నరకి అన్నంతో రెండో కాల్షియం, ఏడున్నరకి భోజనం, పదిన్నర దాటాక థైరాయిడ్. రెండూ లెక్కకి సరిపోయాయి. రాత్రి దారిలో మధ్యాహ్నం కాల్షియం మర్చిపోతే దాన్ని రాత్రి అన్నంలోకి జరపడానికి లేదు, ఆ పూట వదిలేయాల్సిందే. పొద్దున దారిలో మధ్యాహ్నం కాల్షియం ఎంత ఆలస్యమైనా థైరాయిడ్‌ని తాకదు. నా లెక్కలో రెండు పూటల కాల్షియం ఉన్నవాళ్లకి పొద్దున దారే భద్రం. ఒక పూట ఐరన్ ఒక్కటే ఉండి, రాత్రి ఎనిమిదిలోపు తినేసేవాళ్లకి, కాఫీకి ఆగలేనివాళ్లకి రాత్రి దారి మంచిది.

ఆమె పొద్దున దారే తీసుకుంది. ఆమె భర్త నాలుగున్నరకే పొలానికి లేస్తాడు. ఆయన లేచినప్పుడే బిళ్ళ వేసుకుని మళ్లీ కాసేపు పడుకుంటుంది. కాఫీ టైము ఒక్క నిమిషం కూడా మారలేదు. ఇంత చిన్న సర్దుబాటుతో పోయే బాధకి ఆమె అన్ని నెలలు ఏడ్చింది అనుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇక్కడ చాలామంది తొందరపడతారు. టైము మార్చిన పది రోజులకే రక్తపరీక్షకి పోతారు. ఈ హార్మోన్ సగం తగ్గడానికే ఏడు రోజులు పడుతుంది, టీఎస్‌హెచ్ కుదురుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. అందుకే ఒకరోజు కాఫీ ముందు తాగేసినా కొంప మునగదు, టెన్షన్ అక్కర్లేదు. రోజూ జరిగేదే టీఎస్‌హెచ్‌లో కనిపిస్తుంది. పరీక్ష రోజు పొద్దున మాత్రం రక్తం ఇచ్చాకే బిళ్ళ వేసుకోవాలి. మింగిన కొన్ని గంటలు రక్తంలో టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ పైకి లేచి ఉంటుంది, ఆ అంకె చూసి డోసు తప్పుగా అంచనా వేసే ప్రమాదం ఉంది.

పరగడుపున థైరాయిడ్ బిళ్ళతోపాటు గ్యాస్ బిళ్ళ కూడా వేసుకునేవాళ్లు మా దగ్గర చాలామంది. ప్యాంటోప్రజోల్ లాంటివి కాల్షియంలాగా మందుని పట్టుకోవు, కడుపులో ఆమ్లాన్నే తగ్గిస్తాయి. ఆ ప్రభావం రోజంతా ఉంటుంది కాబట్టి గంటల దూరంతో తీరదు. అది రోజూ వాడుతున్నట్టు డాక్టరుకి చెబితే, డోసు దాన్నిబట్టి చూస్తారు. గర్భంతో ఉన్నవాళ్లు ఈ లెక్కలు సొంతంగా వేసుకోకూడదు. వాళ్లకి ఐరన్, కాల్షియం రెండూ తప్పవు, హార్మోన్ అవసరం కూడా పెరుగుతుంది. డాక్టరుని అడిగే టైము మార్చాలి.

ఆ అక్క డోసుని డాక్టరు మళ్లీ 75కి తెచ్చారు. ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ 3.0 వచ్చింది. పోయిన నెల కాల్షియం షీటు తీసుకుంటూ, కౌంటరు మీద ఉన్న నా పెన్ను లాక్కుని షీటు వెనకాల "అన్నంతో" అని, ఐరన్ షీటు మీద "11" అని పెద్దగా రాసుకుంది. థైరాయిడ్ సీసా మీద రాయమంటే, "దానికెందుకు, మా ఆయన తలుపు తీసిన చప్పుడే దానికి అలారం" అంది.