విదేశీ సైట్లో కొంటున్నారా? కస్టమ్స్ డ్యూటీ లెక్క ముందే వేసుకోండి

విదేశీ సైట్లో డబ్బు కట్టేశాం కదా, ఇక పార్శిల్ ఇంటికొచ్చేస్తుందనుకుని చాలామంది దెబ్బతింటున్నారు. కొరియర్ నుంచి "డ్యూటీ కడితేనే డెలివరీ" అని మెసేజ్ వచ్చాకే అసలు ఖర్చు తెలుస్తోంది. ఇంత ధర లోపు వస్తువుకి డ్యూటీ ఉండదన్న మినహాయింపు మన దేశంలో లేదు. అమ్మేవాడు "గిఫ్ట్" అని రాసి పంపుతానంటే నమ్మకండి. గిఫ్టులకు ఉన్న 5,000 రూపాయల వెసులుబాటు 2019 డిసెంబర్‌లోనే పోయింది.

డ్యూటీ వస్తువు ధర మీదే కాదు, షిప్పింగ్, ఇన్సూరెన్స్ కూడా కలిపి వేస్తారు. వస్తువు 6,500, షిప్పింగ్, ఇన్సూరెన్స్ కలిపి 1,000 అనుకోండి, విలువ 7,500. రేట్లు బడ్జెట్‌తో మారుతుంటాయి కాబట్టి లెక్క కోసం డ్యూటీ 10 శాతం, దిగుమతి మీద పడే జీఎస్టీ అయిన ఐజీఎస్టీ 18 శాతం అనుకుందాం. డ్యూటీ 750. దాని మీద 10 శాతం సర్‌చార్జి 75. ఇవన్నీ కలిపిన 8,325 మీద ఐజీఎస్టీ 1,498.50. మొత్తం 2,323.50. మన తరఫున డ్యూటీ ముందుగా కట్టినందుకు కొరియర్ సంస్థ తన ఫీజు, దాని మీద జీఎస్టీ వేరే వేస్తుంది. చెక్అవుట్‌లో DDP అని ఉంటే డ్యూటీ అందులోనే ఉన్నట్టు, DAP అంటే మీరే కట్టాలి.

పార్శిల్ ఆగిందంటే ఎక్కువగా కారణం కేవైసీ. ఆధార్‌లో పేరు ఒకలా, ఆర్డర్‌లో మరోలా ఉంటే కదలదు. కొరియర్ వెబ్‌సైట్‌ మీరే తెరిచి, ట్రాకింగ్ నంబర్ కొట్టి గుర్తింపు పత్రం అప్‌లోడ్ చేయండి. రెండో కారణం ఇన్‌వాయిస్. "యాక్సెసరీస్, 5 డాలర్లు" అని రాస్తే అధికారికి అనుమానం వస్తుంది. అప్పుడు ఆర్డర్ కన్ఫర్మేషన్, కార్డ్ స్టేట్‌మెంట్‌లో ఆ చెల్లింపు ఉన్న పేజీ, ప్రొడక్ట్ పేజీ లింకు పంపితే చాలావరకు తేలిపోతుంది. కానీ డ్రోన్లు, ఈ-సిగరెట్ల లాంటివాటికి ఏ పత్రమూ పనిచేయదు, అవి అసలు ఆర్డరే పెట్టకండి.

డ్యూటీ ఎక్కువ పడిందనిపిస్తే కట్టేముందే, దిగుమతి వివరాలతో కస్టమ్స్‌కి ఇచ్చే బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీని కొరియర్ సంస్థను అడగండి. డ్యూటీ రేటు కోసం వస్తువును ఏ హెడింగ్ కింద వేశారో, విలువ ఎంత తీసుకున్నారో అందులో ఉంటుంది. తప్పుంటే అప్పుడే మెయిల్‌లో రాయండి, డెలివరీ అయ్యాక సరిచేయించడం చాలా కష్టం. అలాగని నాన్చకండి. గోడౌన్ చార్జీలు పెరుగుతాయి, 30 రోజుల్లో విడిపించకపోతే నోటీసు ఇచ్చి అమ్మేసే అధికారం చట్టంలో ఉంది.

ఎస్ఎంఎస్ లింకు నొక్కి గానీ, ఎవరో చెప్పిన యూపీఐ నంబరుకి గానీ డ్యూటీ పంపకండి. డ్యూటీ ఏ వ్యక్తి ఖాతాలోకీ వెళ్లదు. కస్టమ్స్ లేఖ అంటూ ఏదైనా వస్తే దాని మీది డిన్ లాంటి పత్రం గుర్తింపు నంబర్‌ని కస్టమ్స్ బోర్డు అయిన సీబీఐసీ వెబ్‌సైట్లో సరిచూడండి. నంబరే లేకపోయినా, అక్కడ దొరక్కపోయినా రూపాయి కూడా కట్టకండి.