కొలతలు రాయాలా, గది ఫొటో ఇవ్వాలా?

బెజవాడలో మా 6 అడుగుల టేకు దివాన్‌కాట్‌ని గదిలో ఉన్నట్టు AI మోడల్‌తో బొమ్మ చేయించి చూపించడానికి రెండు దారులూ పట్టాను. ప్రాంప్టులో కొలత రాస్తే మోడల్ టేపు పెట్టి కొలవదు కదా. కాట్ ఒకసారి బెంచీ అంత, ఇంకోసారి డబుల్‌కాట్ అంత వచ్చింది. పక్కన తలుపు ఉందని చెప్పాక కాస్త కుదిరింది.

ఖాళీ గది ఫొటో ఇచ్చి కాట్ పట్టే చోటే మాస్క్ చేస్తే, అంటే మోడల్ మార్చాల్సిన భాగంగా గుర్తు పెడితే, కొలతకి ఆధారం దొరుకుతుంది. నేల మీద 2 అడుగుల టైల్స్ ఉన్నాయి, కాళ్ల దగ్గర మూడు లెక్కపెడితే సరి. గోడకి సమాంతరంగా వేసిన కాట్ అంచులూ టైల్ గీతలూ దూరంగా ఒకే బిందువు వైపు పోకపోతే పర్‌స్పెక్టివ్ తప్పినట్టే. మాస్క్‌లో నీడకీ చోటు వదలాలి, లేదంటే కాళ్లు గాల్లో తేలతాయి.

పాలిష్ మాత్రం ఎటైనా మాటల పనే. ఉత్త "టేకు" అంటే ప్లాస్టిక్ మెరుపు వచ్చింది. "మ్యాట్ పాలిష్, పొడవునా చెక్క గీతలు, ఎడమ కిటికీ వెలుగు" అన్నాకే చెక్కలా కనిపించింది. కస్టమర్‌కి పంపాలంటే నాది ఫొటో దారే.