టీ-స్నీ పటంలో ఖాళీ జాగాకు అర్థం వెతక్కండి

టీ-స్నీ అంటే వందల సంఖ్యలున్న వెక్టర్లను, దగ్గరివి దగ్గరగా పడేలా, పటం మీద చుక్కలుగా పరిచే పద్ధతి. దానితో నా పేచీ అంతా రెండు ద్వీపాల మధ్య, అంటే చుక్కల గుంపుల మధ్య, కనిపించే ఖాళీ జాగాతోనే. చుక్కలు ఎక్కడ గుమిగూడాయో అది చాలావరకు నిజమే చెబుతుంది. ఆ గుంపుల మధ్య మిగిలిన తెల్లటి జాగా మాత్రం ఏమీ చెప్పదు, చూసేవారికి అన్నీ చెబుతున్నట్టే ఉంటుంది. ఎంబెడింగ్‌లతో, అంటే పాఠం అర్థాన్ని సంఖ్యల వరుసగా మార్చిన వెక్టర్లతో, పని చేస్తూ ఏళ్ల తరబడి దీన్ని వాడుతున్నాను, ఇకపైనా వాడతాను. కానీ ఈ ఒక్క విషయంలో దాన్ని ఇప్పటికీ క్షమించలేదు.

ముందుగా మంచి మాట. వాక్యాల ఎంబెడింగ్‌లు కొన్ని వేలు చేతికొచ్చినప్పుడు, అందులో ఏముందో చూడటానికి నేను మొదట తెరిచేది ఇదే. దాదాపు ఒకే పాఠం ఉన్న నకళ్లు బిగుతైన చిన్న ముద్దలుగా కనిపిస్తాయి. లేబుల్‌ను బట్టి రంగులు వేస్తే, నీలం ద్వీపం నడుమ ఒంటరి ఎర్ర చుక్క కంటికి గుచ్చుకుంటుంది. దాని మీద నొక్కి చూస్తే చాలాసార్లు లేబుల్ తప్పు పెట్టినట్టు తేలుతుంది. ఈ ఒక్క పనికే దీన్ని ఉంచుకోవచ్చు.

ఇక పేచీ. మేము పనిచేసిన ఒక సంస్థలో వినియోగదారులు పంపే సందేశాలు సుమారు ఐదు వేలు తీసుకుని, ఒక్కోదాన్ని 768 సంఖ్యల వెక్టర్‌గా మార్చి టీ-స్నీ పటం గీశాము. నడుమ పెద్ద భూభాగం, అందులో డబ్బు వాపసు, ఆలస్యం, ఖాతా లాగిన్ వంటి ప్రాంతాలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. కుడివైపు అంచున, అన్నిటికీ దూరంగా, నూటయాభై చుక్కల చిన్న ద్వీపం ఒకటి. సమావేశంలో తెర మీద పటం పడగానే అందరి చూపూ దాని మీదే. "మిగతా వేటితోనూ సంబంధం లేని కొత్త సమస్య ఇది" అని ఒకరు తేల్చేశారు. ఎంత దూరంగా ఉందో చూడండి అని మరొకరు వేలు పెట్టి చూపించారు. సందేశాలు చదవకముందే దానికి విడిగా ఒక వర్గం, ఆ వర్గానికి ఒక బాధ్యుడు కూడా ఏర్పాటైపోయారు.

పటం గీసింది నేనే కాబట్టి దూరాన్ని అలా చదవకూడదని చెప్పాను. పటం ఎదురుగా ఉండగా మాట ఎవరికి కావాలి? చివరికి రోజూ ఆ సందేశాలకు జవాబిచ్చే సహోద్యోగి ఒకామె పదిహేను సందేశాలు చదివి, "ఇవి డబ్బు వాపసు అడిగేవే కదండీ, కొత్తేముంది?" అన్నారు. అసలు ఎంబెడింగ్‌లలోనే లెక్క చూస్తే ఆమె మాటే నిజమైంది. ద్వీపం సగటు వెక్టర్‌కు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది డబ్బు వాపసు ప్రాంతమే. పటంలో ఒకదానికొకటి ఆనుకుని కనిపించిన లాగిన్, ఆలస్యం ప్రాంతాల మధ్య దూరం అంతకంటే ఎక్కువ. అంటే పటంలో దూరంగా ఉన్నది నిజానికి దగ్గర, దగ్గరగా ఉన్నది దూరం.

కారణం తెలుసుకోవాలంటే టీ-స్నీ లోపల ఒక్క మెట్టు చూస్తే చాలు. ప్రతి చుక్కా తనకు ఎంతమంది పొరుగువారు ఉండాలో పెర్‌ప్లెక్సిటీ అనే సెట్టింగ్‌ను బట్టి నిర్ణయించుకుంటుంది. సైకిట్-లెర్న్ అనే పైథాన్ లైబ్రరీలో దీని విలువ మామూలుగా 30. వేగం కోసం అది ప్రతి చుక్కకూ దానికి మూడింతలు, అంటే సుమారు 90 మంది దగ్గరివారిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. ఆ జాబితాలో లేనివారితో ఆకర్షణ సున్నా. మన ద్వీపంలో నూటయాభై మంది ఉన్నారు. ప్రతి చుక్కకూ కావలసిన 90 మందీ ద్వీపంలోనే దొరికిపోయారు. అటువైపు డబ్బు వాపసు ప్రాంతంలో వందల కొద్దీ సందేశాలు ఉన్నాయి, వాటి జాబితాలూ వాటిలో వాటికే నిండిపోయాయి. ఎవరి వీధి వారికే తెలిసిన ఊళ్ల లాంటి వ్యవహారమిది: పొరుగూరు ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్నా యాభై కిలోమీటర్లలో ఉన్నా వారి లెక్కలో ఒకటే. రెండు గుంపుల మధ్య లాగే తాడే లేనప్పుడు, మిగిలేది చుక్కలన్నీ ఒకదాన్నొకటి నెట్టుకునే వికర్షణ. ద్వీపం ఎక్కడికి చేరుతుందనేది ఆ నెట్టుడు, మొదట చుక్కలను ఎక్కడ పెట్టామన్నది కలిసి తేలుస్తాయి. ఆ ఖాళీ జాగా కొలత అలా పుట్టింది.

నమ్మకం కుదరనివారు ఇంట్లోనే చేసి చూడవచ్చు. 50 పరిమాణాలలో ఐదేసి వందల చుక్కలతో, ప్రతి దిశలోనూ ప్రామాణిక విచలనం 1 ఉండేలా, మూడు గుండ్రటి గుంపులు తయారు చేయండి. మొదటిదానికీ రెండోదానికీ కేంద్రాల మధ్య దూరం 20, రెండోదానికీ మూడోదానికీ 200, మూడూ ఒకే గీత మీద. తొలి స్థానాలను యాదృచ్ఛికంగా పెట్టి, ఆ యాదృచ్ఛికతను నడిపే విత్తనం సంఖ్య మార్చుతూ కొన్నిసార్లు గీయండి. మూడు ద్వీపాలు చక్కగా విడిపోతాయి, కానీ పదింతల తేడా ఏ పటంలోనూ కనిపించదు, ఎవరి పక్కన ఎవరున్నారనేది కూడా మారిపోతూ ఉంటుంది. తర్వాత మూడో గుంపును మాత్రం ఐదింతలు పలచగా పరచండి. పటంలో అది మిగతావాటి సైజులోనే వచ్చి కూర్చుంటుంది. ప్రతి చుక్కా తన చుట్టూ ఉన్న సాంద్రతకు తగ్గట్టు తన కొలబద్దను సాగదీసుకుంటుంది కాబట్టి పలచనిదీ చిక్కనిదీ ఒకేలా కనిపిస్తాయి. ద్వీపం పెద్దగా ఉందంటే అందులో చుక్కలు ఎక్కువని అర్థం, వైవిధ్యం ఎక్కువని కాదు.

మా ద్వీపం కథకు ముగింపు ఇంకా చిన్న విషయంలో ఉంది. ఆ నూటయాభై సందేశాలూ యాప్‌లోని ఒకే తెర నుంచి వచ్చినవి. డబ్బు వాపసు కోరే ఆ తెర, వినియోగదారు రాసిన ఒక్క వాక్యం కింద మూడు వరుసల స్థిరమైన పాఠాన్ని తానే జోడించేది. మనిషి మాట ఒక వరుస, యంత్రం మాట మూడు వరుసలు. ఎంబెడింగ్ ఎవరి మాట విన్నదో ఊహించుకోవచ్చు. ఆ మూడు వరుసలు తీసేసి మళ్లీ ఎంబెడింగ్‌లు తయారు చేసి గీస్తే ద్వీపం మాయమైంది, చుక్కలన్నీ డబ్బు వాపసు ప్రాంతంలో కలిసిపోయాయి. ఇక్కడ టీ-స్నీకి న్యాయం చేయాలి. ఆ సందేశాలలో ఏదో ఒకే తీరుగా ఉందని అది పట్టుకుంది, అది నిజం కూడా. దూరంగా ఉన్నాయన్నది మాత్రం అది చెప్పిన మాట కాదు, మేమంతా కలిసి దాని నోట్లో పెట్టిన మాట.

అప్పటి నుంచి ఒంటరి ద్వీపం కనిపిస్తే రెండు పనులు చేస్తున్నాను. మొదటిది, పెర్‌ప్లెక్సిటీని ఆ ద్వీపంలోని చుక్కల సంఖ్య కంటే పెంచి మళ్లీ గీయడం. నూటయాభై చుక్కల ద్వీపానికి 200 ఇస్తే, ఇంట్లోవారితో కోటా నిండక ప్రతి చుక్కా బయట పొరుగును వెతుక్కోక తప్పదు. అప్పుడు ద్వీపం ఎటు జరిగితే అటువైపు దానికి బంధువులు ఉన్నారని తెలుస్తుంది. 100 దగ్గర పెద్దగా మార్పు రాకపోవచ్చు, ఎందుకంటే జాబితా బయటికి సాగినా ఆకర్షణ బరువు దాదాపు అంతా ఇంట్లోవారికే పోతుంది. రెండోది, పటాన్ని పక్కన పెట్టి అసలు వెక్టర్లనే అడగడం:

```python
nn = NearestNeighbors(n_neighbors=200, metric="cosine").fit(X)
_, idx = nn.kneighbors(X[island])
outside = idx[~np.isin(idx, island)]
print(np.unique(label[outside], return_counts=True))
```

ఇక్కడ `X` అంటే అసలు వెక్టర్లు, `island` అంటే ద్వీపంలోని చుక్కల వరుస సంఖ్యలు, `label` అంటే ఒక్కో చుక్క వర్గం ఉన్న నంపై శ్రేణి. ద్వీపాన్ని దాటి మొదట తగిలే పొరుగువారు ఏ వర్గంవారో ఈ నాలుగు వరుసలు చెబుతాయి. `n_neighbors` ద్వీపం సంఖ్య కంటే ఎక్కువ ఉండాలన్నదే ఇందులో కిటుకు, లేకపోతే `outside` ఖాళీగా వచ్చి మళ్లీ మొదటికే వస్తాము.

సైకిట్-లెర్న్ 1.2 నుంచి తొలి స్థానాలను మామూలుగానే పీసీఏతో, అంటే చుక్కలు ఎక్కువగా విస్తరించిన దిశలను వెతికే పద్ధతితో, పెడుతోంది. దీన్ని చూసి మొదట్లో సంతోషించాను, ఎందుకంటే గీసిన ప్రతిసారీ పటం దాదాపు ఒకేలా వస్తుంది, పెద్ద గుంపుల వరుస కూడా కొంతవరకు అసలు దానికి దగ్గరగా నిలుస్తుంది. తర్వాత తర్వాత ఆ సంతోషం తగ్గింది. మునుపు పటం మారిపోతూ ఉంటే కనీసం అనుమానం వచ్చేది. ఇప్పుడు అదే ఖాళీ అదే చోట స్థిరంగా కనిపిస్తుంటే అది కొలతే అని జనం నమ్మేస్తున్నారు. వరుస నిలిచినా, ఖాళీ జాగా వెడల్పుకు ఇప్పటికీ ఏ లెక్కా లేదు.

ఒంటరి ఎర్ర చుక్క గురించి పైన చెప్పిన మాటకూ ఒక సవరణ. అన్నీ తప్పు లేబుళ్లు కావు. కొన్ని చుక్కలు మొదట్లో తప్పు వైపు పడి, తమ వారిని చేరుకునే దారిలో వేరే ద్వీపం అడ్డొచ్చి అక్కడే చిక్కుకుపోతాయి. వేరే విత్తనంతో గీస్తే అవి ఇల్లు చేరతాయి. కాబట్టి అసలు వెక్టర్లలో దాని పొరుగువారిని చూడకుండా లేబుల్ మార్చవద్దని మా వాళ్లకు చెబుతుంటాను. ఇంకొకటి: ఎంబెడింగ్‌లను కొసైన్‌తో పోల్చే అలవాటు ఉన్నవారు `metric="cosine"` ఇవ్వాలి, లేదా ముందుగా వెక్టర్ల పొడవును ఒకటికి సరిచేయాలి. ఏమీ చెప్పకపోతే టీ-స్నీ యూక్లిడియన్ దూరమే తీసుకుంటుంది.

నా సిఫారసు నా పని వరకే. నేను చూసేది చిన్న పాఠాలు, కొన్ని వేల వరకు, పటాన్ని చూసేది కూడా ఎక్కువగా నేనే. ఆ పరిస్థితిలో టీ-స్నీకి నాలుగు నక్షత్రాలు ఇస్తాను. పటం నేరుగా నిర్ణయాలు తీసుకునేవారి ముందుకు వెళ్లే చోట రెండుకు మించి ఇవ్వను. వర్గాల మధ్య దూరమే ప్రశ్న అయితే సగటు వెక్టర్ల మధ్య దూరాలను ఒక పట్టికలో పెట్టి ఇస్తాను, అందంగా ఉండదు కానీ తగాదా ఉండదు. లక్షల చుక్కలు ఉన్నవారికి నా అనుభవం పనికిరాకపోవచ్చు. వారికి 30 అనే పెర్‌ప్లెక్సిటీ మరీ చిన్న వీధి, వేగం ఇంకో తలనొప్పి. సైకిట్-లెర్న్ టీ-స్నీలో కొత్త చుక్కలను పాత పటంలో చేర్చే వీలు లేకపోవడం కూడా నాకు అప్పుడప్పుడు అడ్డొస్తోంది. ఓపెన్‌టీస్నీ అనే మరో లైబ్రరీలో ఆ వీలుంది, దానికి మారాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.