డీడ్ల సారాంశం: క్లాజు వారీగా రాయాలా, భాగస్వామి వారీగా రాయాలా?

సంస్థ పెట్టేటప్పుడు రాసుకున్న పార్ట్‌నర్‌షిప్ డీడ్, మూసేటప్పుడు రాసుకున్న డిసల్యూషన్ డీడ్ రెండూ చేతిలో పెట్టి "ఎవరికి ఎంత, ఎవరి నెత్తిన ఏముంది, ఒక్క పేజీలో చెప్పండి" అంటారు. దీన్ని రెండు రకాలుగా రాయొచ్చు. క్లాజుల వరుసలోనే వెళ్లి ఒక్కోదాన్ని కుదించడం ఒకటి. ఒక్కో భాగస్వామి పేరు పెట్టుకుని, అతనికి సంబంధించినవన్నీ రెండు డీడ్ల నుంచీ ఏరి ఒకచోట చేర్చడం ఇంకొకటి. మొదటిది త్వరగా అయిపోతుంది, ఏదీ వదిలేశామన్న టెన్షన్ ఉండదు. అయినా అడిగినవాళ్లకు పనికొచ్చేది రెండోదే. ఒక ఉదాహరణ చూద్దాం.

ఎ, బి, సి ముగ్గురు భాగస్వాములు. లాభాల వాటా 50:30:20. 2023 సెప్టెంబర్ 30న సి రిటైర్ అయ్యారు. డీడ్ ప్రకారం ఆయనకు రావాల్సింది: మూలధనం 4 లక్షలు, ఆ ఆరు నెలల లాభం 6 లక్షల్లో 20 శాతం అంటే 1.20 లక్షలు, 5 లక్షలుగా కట్టిన గుడ్‌విల్‌లో వాటా 1 లక్ష. ముందే వాడుకున్న 20 వేలు తీసేస్తే 6 లక్షలు. నాలుగు సమాన వాయిదాల్లో ఇవ్వాలి, రెండు ఇచ్చారు. 2024 మార్చి 31న ఎ, బి సంస్థను మూసేస్తూ డిసల్యూషన్ డీడ్ రాసుకున్నారు. బ్యాంకు లోను 12 లక్షలు ఎ, సప్లయర్ల బాకీ 5 లక్షలు బి తీర్చాలి. "ఇకపై ఒకరిపై ఒకరికి ఎలాంటి క్లెయిములూ లేవు" అని చివర్లో ఒక వాక్యం ఉంది.

క్లాజు వారీగా రాస్తే ఆ చివరి వాక్యం ఉన్నదున్నట్టు సారాంశంలోకి వస్తుంది. చదివినవాళ్లు సి లెక్క కూడా ముగిసిందనుకుంటారు. భాగస్వామి వారీగా రాసేవాళ్లు సి గడి నింపేటప్పుడు సంతకాల పేజీ చూడక తప్పదు. అక్కడ ఎ, బి సంతకాలే ఉన్నాయి. సంతకం పెట్టని సి తన 3 లక్షలు వదులుకున్నట్టు కాదు. పైగా ఆ 3 లక్షలు ఎవరు ఇవ్వాలో డీడ్ ఎక్కడా చెప్పలేదు. ఇలాంటి ఖాళీ క్లాజుల వరుసలో కనిపించదు, ఎందుకంటే లేని క్లాజును ఎవరూ కుదించలేరు.

అప్పుల దగ్గర తేడా మరీ ఎక్కువ. ఎ, బి తమలో తాము ఏం పంచుకున్నా బ్యాంకుకు పట్టదు. భారత భాగస్వామ్య చట్టం, 1932 ప్రకారం సంస్థ అప్పుకు ప్రతి భాగస్వామీ పూర్తి మొత్తానికి బాధ్యుడే. సి రిటైర్ కాకముందు తీసుకున్న లోను కాబట్టి, బ్యాంకు ఒప్పుకుని ఆయన్ని విడుదల చేయకపోతే ఆయన్నీ అడగొచ్చు. కాబట్టి అప్పులకు ఒక గడి చాలదు, రెండు కావాలి:

| | తమలో తాము | బయటివారికి |
|---|---|---|
| ఎ | బ్యాంకు 12 లక్షలు | మొత్తం 17 లక్షలు |
| బి | సప్లయర్లు 5 లక్షలు | మొత్తం 17 లక్షలు |
| సి | ఏమీ లేదు, 3 లక్షలు రావాలి | బ్యాంకు 12 లక్షలు, సప్లయర్ల పాత బాకీ; రిటైర్ అయ్యాక వచ్చిన బాకీ సంగతి నోటీసును బట్టి |

నోటీసు అంటే సి రిటైర్ అయినట్టు ఇచ్చే బహిరంగ ప్రకటన. అది ఇవ్వకపోతే, ఆయన భాగస్వామి అని తెలిసిన సప్లయర్లు తర్వాత ఇచ్చిన సరుకు బాకీని కూడా ఆయన్ని అడిగే వీలుంది. ఆ ప్రకటన డీడ్‌లో ఉండదు, విడిగా అడిగి తెప్పించుకోవాలి. బ్యాంకు విడుదల పత్రం కూడా అంతే. జీఎస్టీ బకాయి ఉంటే రిటైర్‌మెంట్ సంగతి నెలలోపు కమిషనర్‌కు తెలిపారా అని కూడా చూడాలి. తెలపకపోతే ఆ సమాచారం చేరిన తేదీ వరకూ ఆయన బాధ్యత సాగుతుంది.

మరి క్లాజు వారీ పద్ధతి దండగా? కాదు. ఇదే కేసులో డిసల్యూషన్ డీడ్ ఎ, బి వాటాలను 60:40 అంటోంది. పాత 50:30 నిష్పత్తిని ఇద్దరికీ సర్దితే 62.5:37.5 వస్తుంది. అక్టోబర్ నుంచి మార్చి వరకు లాభం 4 లక్షలైతే ఎ వాటాలో 10 వేలు తేడా. 60:40 ఏ తేదీ నుంచో డీడ్‌లో లేకపోతే మనకు నచ్చినది వేయకుండా రెండు అంకెలూ చూపించి, తేదీ దగ్గర ప్రశ్నార్థకం పెట్టాలి. ఇలాంటి పొంతన లేని క్లాజులు పక్కపక్కన పెట్టి చదివితేనే దొరుకుతాయి. అందుకే నేను ముందు క్లాజు వారీ చిత్తు రాసుకుంటాను, దాన్ని ఎవరికీ ఇవ్వను. ఇచ్చేది భాగస్వామి వారీ పేజీ, అందులో ప్రతి అంకె పక్కనా ఏ డీడ్, ఎన్నో క్లాజు అన్నది ఉంటుంది. కోర్టుకు వెళ్లే వ్యవహారమైతే మాత్రం లాయర్ ఆ చిత్తునే ముందు అడుగుతారు.