పాత వార్తల మ్యూజిక్, క్రికెట్ మ్యూజిక్ వెనకున్న అసలు రికార్డు: ఏది పట్టిస్తుంది, ఏది పట్టించదు

చిన్నప్పుడు టీవీలో విన్న మ్యూజిక్ ముక్కని ఫోన్‌లో షజామ్‌కి వినిపించడం, "దొరకలేదు" అని రాగానే వదిలేయడం. పదిమందిలో తొమ్మిదిమంది వెతుకులాట అక్కడితో సరి. ఏళ్ల తరబడి ఈ పనికి షజామ్, గూగుల్‌లో కూనిరాగం తీసి వెతికే సౌకర్యం, రికార్డుల వివరాలు జాబితా చేసే వెబ్‌సైట్ డిస్కాగ్స్, లైబ్రరీ మ్యూజిక్ కంపెనీల కేటలాగులు, శబ్దాన్ని కోసి సరిచేసే ప్రోగ్రామ్ ఆడాసిటీ వాడాక తేలింది ఒకటే. యాప్ మంచిదా చెడ్డదా అన్నది తర్వాతి సంగతి. ఆ మ్యూజిక్ ఎక్కడ పుట్టిందో ముందు ఊహించకపోతే ఏ యాప్ అయినా దండగే.

పుట్టిల్లు నాలుగు రకాలు. మొదటిది, చానెల్ తనకోసం చేయించుకున్నది. మన దూరదర్శన్ సిగ్నేచర్ ట్యూన్ ఇదే కోవలోది. పండిట్ రవిశంకర్, షెహనాయ్ విద్వాంసుడు ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్‌తో కలిసి కట్టినది. ఇలాంటివాటికి వెనక వేరే రికార్డేదీ ఉండదు, ఆ ముక్కే అసలు. రెండోది, బజార్లో అమ్మిన మామూలు రికార్డు. బీబీసీ క్రికెట్‌కి దశాబ్దాలు మోగిన సోల్ లింబో, అమెరికాలో బుకర్ టీ అండ్ ది ఎంజీస్ 1968లో చేసిన వాద్యగీతం. దానికీ క్రికెట్‌కీ ఏ బంధుత్వమూ లేదు. మూడోది, సినిమా నేపథ్య సంగీతం. ఆస్ట్రేలియా చానెల్ నైన్ వార్తలకీ, అమెరికాలో కొన్ని ఏబీసీ స్టేషన్ల ఐవిట్‌నెస్ న్యూస్‌కీ వాడింది 1967 నాటి కూల్ హ్యాండ్ ల్యూక్ సినిమాలోది. ఖైదీలు రోడ్డుకి తారు పోసే సన్నివేశానికి లాలో షిఫ్రిన్ కట్టిన టార్ సీక్వెన్స్ అది. ఆ సన్నివేశంలోని పరుగే వార్తల హడావిడికి అతికినట్టు సరిపోయింది.

నాలుగోదే అసలు చిక్కు: లైబ్రరీ మ్యూజిక్. కేపీఎం, డి వోల్ఫ్, బ్రూటన్ లాంటి కంపెనీలు "ఆటలు", "పరిశ్రమ", "వార్తలు" అంటూ సందర్భాల వారీగా ముందే సంగీతం రికార్డు చేయించి పెట్టుకునేవి. టీవీ వాళ్లు రుసుము కట్టి వాడుకునేవారు. ఆ రికార్డులు షాపుల్లో అమ్మలేదు, తెరమీద పేరూ వేయలేదు. 1970ల, 80ల ఆటల కార్యక్రమాల మ్యూజిక్‌లో పెద్ద భాగం ఇక్కడిదే.

ఒక ఉదాహరణ మొదట్నించి చివరిదాకా చూద్దాం. తెల్లవారుజామున లేచి ఆస్ట్రేలియా మ్యాచ్‌లు చూసినవాళ్లకి రిచీ బెనో గొంతు పక్కన మోగే చానెల్ నైన్ క్రికెట్ మ్యూజిక్ గుర్తుంటుంది. బ్రాస్ వాద్యాలు, కింద పరుగెత్తే డ్రమ్స్, మాటలు లేవు. దీన్ని Channel Nine cricket song అని వెతికితే ముందుగా తగిలేది కమాన్ ఆసీ కమాన్. అది చానెల్ నైన్ యజమాని కెర్రీ ప్యాకర్ నడిపిన వరల్డ్ సిరీస్ క్రికెట్ రోజుల్లో వచ్చిన ప్రచార గీతం, మాటలున్న పాట. ఇక్కడే చాలామంది "దొరికింది" అనుకుని ఆగిపోతారు. song బదులు theme అని వెతకాలి, మాటలున్నదేదైనా పక్కన పెట్టేయాలి.

తర్వాత క్లిప్. యూట్యూబ్‌లో వీహెచ్ఎస్ నుంచి ఎక్కించిన పాత మ్యాచ్ ప్రారంభాలు చాలా ఉన్నాయి. వాటిలో ఎంత పాతదైతే అంత మేలు. చానెళ్లు ఏళ్లు గడిచేకొద్దీ అదే బాణీని కొత్తగా వాయించి రికార్డు చేస్తుంటాయి. షజామ్ బాణీని గుర్తుపట్టదు, ఒక ఫలానా రికార్డింగుని మాత్రమే గుర్తుపడుతుంది. శబ్దంలో ఏ క్షణాన ఏ స్థాయి దగ్గర శిఖరాలున్నాయో, వాటి మధ్య దూరమెంతో చూసి తన జాబితాతో పోలుస్తుంది. అదే బాణీని వేరే బృందం వాయిస్తే శిఖరాలన్నీ చోటు మారతాయి, అప్పుడది దానికి పరాయి సంగీతమే. వ్యాఖ్యాత మాట్లాడుతున్నా, టేపు బుసకొడుతున్నా పెద్ద ఇబ్బంది లేదు. 10 నుంచి 15 సెకన్లు దొరికితే చాలు, మాటలు లేనివైతే మరీ మంచిది. క్లిప్‌ని శుభ్రం చేయాలని నాయిస్ రిడక్షన్ గట్టిగా వేయకండి. బుసతోపాటు ఆ శిఖరాలూ అరిగిపోతాయి.

ఫలితాన్ని ఎక్కువగా పాడుచేసేది టేపు వేగం. పాత వీసీఆర్‌లో క్యాసెట్ కాస్త వేగంగానో నెమ్మదిగానో తిరిగి ఉంటుంది. కాపీరైట్ యంత్రాల కంట పడకూడదని కావాలనే వేగం మార్చి ఎక్కించేవాళ్లూ ఉన్నారు. స్వరాలన్నీ కీబోర్డు మెట్ల మధ్య ఎక్కడో పడుతుంటే, అంటే ఏ మెట్టు నొక్కినా శ్రుతి కలవకపోతే, వేగం తేడా ఉందని అనుమానించాలి. ఒక అరస్వరం తేడా అంటే వేగంలో దాదాపు 6 శాతం. అంత తేడా ఉంటే షజామ్ నోరు మెదపదు. అప్పుడు ముక్క కోసి, ఒక్కో శాతం చొప్పున వేగం మార్చి మళ్లీ వినిపించాలి. కమాండ్లతో నడిచే ffmpeg ప్రోగ్రామ్‌కి ఇచ్చే ఈ కింది రెండు వరసల్లో మొదటిది 12వ సెకను నుంచి 15 సెకన్లు కోస్తుంది, రెండోది దాన్ని 3 శాతం నెమ్మది చేస్తుంది:

```
ffmpeg -ss 12 -t 15 -i match.mp4 -vn -ac 1 -ar 44100 clip.wav
ffmpeg -i clip.wav -af asetrate=42777,aresample=44100 slow.wav
```

42777 అంటే 44100లో 97 శాతం. వేరే శాతం కావాలంటే ఆ లెక్కే. ఆడాసిటీలో చేస్తే స్పీడ్ మార్చే ఎఫెక్ట్ వాడాలి, టెంపో మార్చేది కాదు. టెంపో ఎఫెక్ట్ శ్రుతిని అలాగే ఉంచేస్తుంది, టేపు తప్పు దానితో సరికాదు.

గూగుల్‌లో కూనిరాగం తీసి వెతికే సౌకర్యం 2020లో వచ్చింది. సినిమా పాటలకి బాగుంటుంది గానీ ఈ పనికి అరకొరే. గొంతుతో తీయగలిగిన సాగే రాగం ఉంటేనే అది పట్టుకుంటుంది. వార్తల మ్యూజిక్ ఎక్కువగా ఒకే స్వరం మీద టకటకా కొట్టే లయ. కూనిరాగంలో దాంట్లో మిగిలేది ఏమీ ఉండదు. వాడితే పైన నడిచే బ్రాస్ రాగాన్నే "నా నా" అంటూ తీయండి, కింది బేస్‌ని కాదు. అది చూపించేది తరచూ "టీవీ థీమ్స్" పేరుతో ఎవరో తిరిగి వాయించిన ఆల్బమ్ అవుతుంది. అందులో కార్యక్రమం పేరే పాట పేరుగా ఉంటుంది. అది అసలు కాకపోయినా, స్వరకర్త పేరు రాసి ఉంటే పండగే.

ఎందుకంటే లైబ్రరీ మ్యూజిక్‌లో తాళం చెవి స్వరకర్త పేరే. చానెల్ నైన్ విషయంలో ఆ పేరు బ్రయన్ బెన్నెట్. క్లిఫ్ రిచర్డ్ వెనక వాయించిన ది షాడోస్ బృందంలో డ్రమ్మర్. మ్యూజిక్ అంతా డ్రమ్స్ మీద పరుగెత్తడానికి కారణం వేరే చెప్పనక్కర్లేదు. డిస్కాగ్స్‌లో Brian Bennett పేజీ తెరిచి, లేబుల్ దగ్గర KPM అని వడకట్టాలి. ఆకుపచ్చ అట్టల కేపీఎం 1000 వరస రికార్డులు బయటపడతాయి. ఇక్కడ సంవత్సరం బాగా పనికొస్తుంది. కార్యక్రమంలో ఆ మ్యూజిక్ మొదట వినబడిన ఏడాది తర్వాత వచ్చిన రికార్డులన్నీ కొట్టేయొచ్చు. టీవీ కోసం వాడింది ముందే రికార్డై ఉండాలి కదా. మిగిలిన పేర్లలో మనకి కావలసినది New Horizons. కార్యక్రమంతో సంబంధం లేని పేరు. లైబ్రరీ పేర్లన్నీ ఇంతే, హెవీ యాక్షన్, న్యూస్ స్కూప్ అంటూ ఏ సందర్భానికైనా అతికేలా ఉంటాయి. కాబట్టి "cricket" అన్న మాటతో కేటలాగుల్లో వెతకడం వృథా.

పేరు దొరికాక కూడా ఒప్పుకోకూడదు, సరిచూడాలి. స్ట్రీమింగ్‌లో ఉన్న ట్రాక్‌నీ టీవీ క్లిప్‌నీ ఆడాసిటీలో ఒకదాని కింద ఒకటి పెట్టి, స్పష్టమైన ఒక డ్రమ్ దెబ్బ దగ్గర రెండింటినీ కలపండి. ఒకటి ఎడమ చెవికి, మరొకటి కుడి చెవికి మళ్లించి వినండి. ఒకే రికార్డింగ్ అయితే తల మధ్యలో ఒకే వాయిద్యంలా వినబడుతుంది, 20 సెకన్ల తర్వాతా కలిసే ఉంటుంది. క్లిప్ క్రమంగా, సమానంగా ముందుకి జరుగుతుంటే అది వేగం తేడా. 20 సెకన్లకి 0.6 సెకను ముందుంటే 3 శాతం అన్నమాట. ఒకచోట ముందుకి, ఇంకోచోట వెనక్కి పోతుంటే మాత్రం అది వేరే బృందం వాయించింది. అసలు ఇంకా దొరకలేదని అర్థం.

ఈ పరీక్షలో ఒక్క మెలిక. లైబ్రరీ ట్రాకుకి పూర్తి నిడివి, 60 సెకన్లు, 30 సెకన్లు, కొన్ని సెకన్ల ముక్తాయింపు అంటూ వేర్వేరు కూర్పులు ఉండొచ్చు. టీవీలో వాడింది చిన్నది, మన చేతికొచ్చింది పూర్తిది అయితే ప్రారంభం కలవకపోయినా మధ్యలో కలుస్తుంది. బ్రిటన్ ఐటీఎన్ వారి న్యూస్ ఎట్ టెన్ మ్యూజిక్ విషయంలోనూ జనం తడబడేది ఇలాంటి చోటే. అది జానీ పియర్సన్ కట్టిన ది అవేకెనింగ్, పెద్ద ఆర్కెస్ట్రా రచనలో ఒక భాగం. రికార్డు పెట్టి మొదటి సెకన్లు విని "ఇది కాదు" అని తీసేస్తే చేతికి చిక్కింది జారిపోయినట్టే. చివరిదాకా వినాలి.

పియర్సన్ పేరు పట్టుకుంటే ఇంకో లాభం కూడా ఉంది. బీబీసీ సూపర్‌స్టార్స్ కార్యక్రమానికీ, అమెరికా మండే నైట్ ఫుట్‌బాల్‌కీ మోగిన హెవీ యాక్షన్ కూడా ఆయనదే. మరో లైబ్రరీ స్వరకర్త కీత్ మాన్స్‌ఫీల్డ్‌దీ అంతే. బీబీసీ ఆటల కార్యక్రమం గ్రాండ్‌స్టాండ్ మ్యూజిక్, వింబుల్డన్ ప్రసారాల ప్రారంభంలో వచ్చే లైట్ అండ్ ట్యూన్‌ఫుల్ రెండూ ఆయనవే. ఒక ట్యూన్ కోసం బయల్దేరి, దాని స్వరకర్త కేపీఎం రికార్డులు వరసగా వింటే, వెతకని ట్యూన్లు రెండు మూడు అదనంగా తగులుతాయి.

మార్కులు వేయాల్సి వస్తే, డిస్కాగ్స్‌కి అయిదుకి నాలుగున్నర. వినిపించకపోయినా దారి చూపిస్తుంది. షజామ్‌కి మూడు. బజారు రికార్డుకి, సినిమా సంగీతానికి దిట్ట. లైబ్రరీ మ్యూజిక్‌కి మాత్రం ఆ ట్రాక్ స్ట్రీమింగ్‌లోకి ఎక్కి ఉంటేనే పనికొస్తుంది. కూనిరాగానికి రెండు. చానెల్ చేయించుకున్న మ్యూజిక్‌కి ఈ మూడూ వాడకండి. దానికి పాత ప్రసారాల వీడియోలే గతి. నిడివి ఎక్కువున్న ముక్క కావాలంటే ప్రారంభం కంటే ముగింపు పేర్లు నడిచే చోట చూడండి, అక్కడ వ్యాఖ్యాత గొంతూ అడ్డు రాదు.