నోమోగ్రాఫ్‌తో కె విలువ: గోదావరి లంక మట్టికి దెబ్బ కొట్టేది సిల్ట్ గడి ఒక్కటే

ఈ నోమోగ్రాఫ్ మీద నాకున్న కోపమంతా దాని ఎడమ అంచు మీదే. మిగతా గ్రాఫ్ మీద పెద్దగా ఫిర్యాదు లేదు. 1971లో విష్‌మయర్, జాన్సన్, క్రాస్ కలిసి గీసిన ఈ బొమ్మ ఇన్నేళ్లయినా పనిచేస్తోంది. ఎడమ నుంచి బయలుదేరి ఇసుక గీత, సేంద్రియ పదార్థం గీత తాకి, అక్కడి నుంచి మట్టి కట్టుబడి, నీరు ఇంకే వేగం దాటేసరికి కె విలువ చేతికొస్తుంది. నేల కోత మోడల్‌కి ఇంత తక్కువ సమాచారంతో ఇంత తొందరగా అంకె ఇచ్చేవి తక్కువే. యూఎస్‌ఎల్‌ఈ అంటే ఏమిటో, కె ఎందుకో ఇది చదివేవాళ్లకు తెలిసే ఉంటుంది కాబట్టి నేరుగా గొడవలోకి వెళ్తాను.

ఎడమ అంచు అడిగేది సిల్ట్ శాతం కాదు, సిల్ట్‌తో పాటు అతి సన్న ఇసుక కలిపిన శాతం. ఇక్కడ సిల్ట్ అంటే 0.002 నుంచి 0.05 మిల్లీమీటర్ల దాకా, అతి సన్న ఇసుక అంటే 0.05 నుంచి 0.1 దాకా. రెంటినీ కలపడానికి కారణం ఉంది. 0.1 కంటే సన్నగా ఉన్న రేణువు, బంకమన్నులా పక్కదాన్ని అంటిపెట్టుకోలేదు, ముతక ఇసుకలా బరువుతో నిలబడనూ లేదు. వాన చినుకు తగిలితే విడిపోతుంది, పారే నీళ్లతో పోతుంది. అందుకే ఆ తర్వాతి గీత మీద చూపే ఇసుక 0.1 నుంచి 2 మిల్లీమీటర్ల మధ్య ఉన్నది మాత్రమే.

మన దగ్గర చాలా ల్యాబులు ఇంకా అంతర్జాతీయ పద్ధతిలోనే నివేదిక ఇస్తాయి. అందులో సిల్ట్ 0.02 దగ్గరే ఆగిపోతుంది. 0.02 నుంచి 0.2 దాకా సన్న ఇసుక, 0.2 నుంచి 2 దాకా ముతక ఇసుక. అంటే నోమోగ్రాఫ్ సిల్ట్ అనుకునే దాంట్లో పెద్ద ముక్క, అది అడిగే అతి సన్న ఇసుక మొత్తం, ఈ నివేదికలో 'సన్న ఇసుక' అనే గడిలో ఉంటాయి. బంకమన్ను హద్దు రెండు పద్ధతుల్లోనూ 0.002 కావడంతో ఆ అంకె సరిపోతుంది. అది సరిపోయింది కాబట్టి మిగతావీ సరిపోతాయని అనిపిస్తుంది, వల అక్కడే ఉంది.

ఒక లంక మట్టిని తీసుకుని లెక్క కడదాం. నివేదికలో ముతక ఇసుక 6, సన్న ఇసుక 46, సిల్ట్ 26, బంకమన్ను 22 శాతం, సేంద్రియ కర్బనం 0.55 అనుకోండి. కర్బనాన్ని 1.724తో హెచ్చిస్తే సేంద్రియ పదార్థం 0.95 వస్తుంది. గ్రాఫ్ బదులు దాని వెనక ఉన్న సూత్రమే వాడితే గీతలు చదవడంలో తేడా రాదు:

```
M = (silt + vfs) * (100 - clay)
100K = 2.1e-4 * M^1.14 * (12 - OM) + 3.25*(s - 2) + 2.5*(p - 3)
```

ఇందులో `vfs` అతి సన్న ఇసుక, `OM` సేంద్రియ పదార్థం, `s` మట్టి కట్టుబడి అంకె, `p` నీరు ఇంకే తరగతి. ఈ లంక మట్టి సన్నని గుళికలుగా విడిపోతూ నీటిని మధ్యస్థంగా ఇంకించుకుంటుంది అనుకుంటే `s` 2, `p` 3. చివరి రెండు ముక్కలూ సున్నా అయిపోతాయి.

నివేదికలోని సిల్ట్ 26ని యథాతథంగా పెడితే M విలువ 2028, కె 0.14 దగ్గర తేలుతుంది. ఇక సన్న ఇసుకను విడగొట్టి చూద్దాం. 0.02 నుంచి 0.2 దాకా ఉన్న రేణువులు లాగరిథమ్ కొలబద్ద మీద సమానంగా పరుచుకున్నాయని అనుకుంటే, అందులో 40 శాతం 0.05 లోపు, 30 శాతం 0.05కీ 0.1కీ మధ్య, మిగతా 30 శాతం 0.1 పైన ఉంటాయి. గుర్తుపెట్టుకోవడం తేలిక: నివేదిక సిల్ట్‌కి సన్న ఇసుకలో పదింట ఏడు వంతులు కలపాలి. 46లో ఏడు వంతులంటే 32. మొత్తం 58. ఇప్పుడు M 4524 అవుతుంది, కె 0.34కి వెళ్తుంది. మట్టి అదే, నివేదిక అదే, కె రెండున్నర రెట్లు. మోడల్ చెప్పే నేల నష్టం కూడా సరిగ్గా అన్ని రెట్లు మారుతుంది, ఎందుకంటే కె అందులో నేరుగా హెచ్చవేత.

సగం సరిదిద్దినా చాలదు. సిల్ట్‌ను 0.05 దాకా పొడిగించి, అతి సన్న ఇసుకను కలపడం మరిచిపోతే 0.25 వస్తుంది. ఇది చూడటానికి నమ్మదగ్గ అంకెలాగే ఉంటుంది కాబట్టి ఎవరికీ దొరకదు.

ఈ తప్పు అన్ని మట్టులకూ ఒకేలా తగిలితే ఒక గుణకంతో సర్దేసేవాళ్లం. అలా తగలదు. డెల్టా లోపలి వరి చేలలోని బరువు నేల తీసుకోండి: ముతక ఇసుక 3, సన్న ఇసుక 15, సిల్ట్ 22, బంకమన్ను 60, సేంద్రియ పదార్థం 1.2. పెళ్లలుగా ఉండే నేల కాబట్టి `s` 4, నీరు అతి నెమ్మదిగా ఇంకుతుంది కాబట్టి `p` 6. నివేదిక సిల్ట్‌తో కె 0.19, సరిచేసిన సిల్ట్‌తో 0.22. తేడా స్వల్పం. ఎందుకంటే ఇక్కడ 0.22లో 0.14 కట్టుబడి, ఇంకుదల ఇచ్చినవే. సిల్ట్ వాటా చిన్నది.

ఇప్పుడు రెండు నేలల్నీ పక్కపక్కన పెట్టండి. సరిచేయని లెక్కలో లంక మట్టి 0.14, బంకనేల 0.19. అంటే చేతిలో పొడిపొడిగా రాలే లంక మట్టి కంటే జిగురు నేల తొందరగా కోసుకుపోతుందని మ్యాప్ చెబుతుంది. సరిచేస్తే 0.34, 0.22. వరస తిరగబడుతుంది. మీ కె మ్యాప్‌లో ఏటి పక్క మట్టి లోపలి రేగడి కంటే తక్కువ రంగులో కనిపిస్తే మొదట అనుమానించాల్సింది సిల్ట్ హద్దునే.

నివేదిక ఏ పద్ధతిదో కనుక్కోవడం కష్టం కాదు. ముతక ఇసుక, సన్న ఇసుక విడివిడిగా ఇచ్చారంటే దాదాపు ఖాయంగా అంతర్జాతీయ పద్ధతి. ఇసుక ఒక్క గడిలోనే ఉంటే, హైడ్రోమీటర్ మొదటి రీడింగ్ ఎప్పుడు తీశారని అడగాలి. 40 సెకన్లు అంటే 0.05 హద్దు, నాలుగైదు నిమిషాలు అంటే 0.02 హద్దు. సివిల్ ఇంజనీరింగ్ ల్యాబులో చేయించి ఉంటే ఇంకో చిక్కు, వాళ్లు ఇసుకను 75 మైక్రాన్ జల్లెడ దగ్గర విడగొడతారు.

పదింట ఏడు వంతుల సూత్రాన్ని ఇంతసేపు మెచ్చుకున్నాను కానీ, దానికీ ఒక షరతు పెట్టాలి. రేణువులు సమానంగా పరుచుకున్నాయన్నది మన ఊహ. లంక నేల అలా ఏర్పడలేదు. వరద నీరు నెమ్మదించిన చోట ఒకే రకం పరిమాణం గుంపుగా దిగిపోతుంది. పై నమూనాలోనే సన్న ఇసుకలో 0.1 దాటినది మొత్తం మట్టిలో 14 శాతం కాక 5 శాతమే ఉందనుకోండి, సిల్ట్, అతి సన్న ఇసుక కలిపి 67 అవుతాయి, కె 0.40కి చేరుతుంది. అందుకే లంక నమూనాలకు జల్లెడ పట్టించడమే మేలు. హైడ్రోమీటర్ పని అయ్యాక జాడీలోని నీళ్లను 53 మైక్రాన్ జల్లెడ మీద పోసి, కిందకి దిగే నీరు తేటగా వచ్చేదాకా కడగాలి. మిగిలిన ఇసుకను 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి 106 మైక్రాన్ జల్లెడ పట్టాలి. 106 నుంచి జారి 53 మీద ఆగినదే మనకు కావాల్సిన అతి సన్న ఇసుక. 50 గ్రాముల నమూనాలో అది 7 గ్రాములుంటే 14 శాతం. జల్లెడ పట్టేది కాసేపే, కడిగేటప్పుడు మాత్రం ఓపిక కావాలి.

వరద తగ్గాక పైన పేరుకున్న తాజా ఒండ్రులో సిల్ట్, అతి సన్న ఇసుక కలిపి 70 శాతం దాటవచ్చు. అక్కడ సూత్రాన్ని వదిలేసి గ్రాఫ్ మీదే చదవండి. 70 దాటాక గ్రాఫ్ గీతలు వంగుతాయి, సూత్రం మాత్రం నేరుగా పైకి పోయి కె ఎక్కువ చూపిస్తుంది.

సేంద్రియ పదార్థం గురించి అందరూ పడే హైరానా మాత్రం ఇక్కడ అనవసరం. కర్బనం అంకెనే పొరపాటున సేంద్రియ పదార్థంగా పెట్టేసినా, పై లంక మట్టికి కె 0.34 నుంచి 0.35 అవుతుంది, అంతే. మన నేలల్లో ఉన్నదే తక్కువ కాబట్టి సగానికి సగం తప్పినా పెద్దగా కదలదు. సిల్ట్ గడిలో పది శాతం తప్పితే మాత్రం కదులుతుంది. ఎరువు బాగా వేసే కడియం నర్సరీ మట్టి లాంటి చోట్ల 4 శాతం దాటితే 4 దగ్గరే ఆపాలి, గ్రాఫ్ అంతకు మించి పోదు.

యూనిట్ల మాట ఒకటి. ఈ కె అమెరికా యూనిట్లలోది. వాన శక్తిని మెగాజౌల్, మిల్లీమీటర్, హెక్టారు లెక్కన కట్టిన ఆర్‌యూఎస్‌ఎల్‌ఈకి 0.1317తో హెచ్చించాలి, అప్పుడు 0.34 కాస్తా 0.045 అవుతుంది. స్వాట్‌లో `USLE_K` గడికి అలా చేయొద్దు, అది 0.34నే అడుగుతుంది.

ఇక ఈ గ్రాఫ్ వాడటం కొనసాగించాలా వద్దా అంటే, అది మీరెక్కడ వాడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. లంకల్లో కూరగాయలు, అరటి వేసే వాలు చెక్కలకు, డెల్టా అంచున మెట్ట మొదలయ్యే రాజానగరం, కోరుకొండ వైపు పొలాలకు ఈ గ్రాఫ్‌నే వాడతాను, జల్లెడ లెక్క చేతిలో ఉంటే. గట్లు కట్టిన వరి చేలకు నాకు అంత నమ్మకం లేదు. దమ్ము చేసిన నేలకు `s`, `p` ఏ అంకె వేయాలో పంట దశను బట్టి మారిపోతుంది, పైగా 55 అమెరికా మధ్య పడమటి నేలలతో, అందులోనూ ఎక్కువగా మధ్యరకం మట్టితో తయారైన గ్రాఫ్‌ను 60 శాతం బంకమన్నుకు సాగదీయడం అవుతుంది. అక్కడ వాలే లేదు కాబట్టి కె తప్పినా నష్టం అంకె చిన్నగానే ఉంటుందనేది వేరే సంగతి. లంక ఒడ్డు విరిగి ఏట్లో పడిపోయే కోతకు మాత్రం దీన్ని అసలు తేవద్దు. యూఎస్‌ఎల్‌ఈ లెక్క కట్టేది వాన పొరలుగా, చిన్న చారలుగా తీసుకుపోయే మట్టిని మాత్రమే. ఒడ్డు విరిగేది అడుగున ఇసుక కొట్టుకుపోవడం వల్ల.