లైబ్రరీ రిజిస్టర్ ఎక్సెల్ ఫైల్ కొనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి, ఫైన్ దగ్గర నాకు పడిన దెబ్బ

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. కుర్రాళ్ళం కలిసి రామమందిరం పక్క గదిలో చిన్న లైబ్రరీ నడుపుతున్నాం, ఎక్కువగా డీఎస్సీ, గ్రూప్స్, కానిస్టేబుల్ పుస్తకాలే, పదిహేను రోజులకి ఇస్తాం, దాటితే రోజుకి రూపాయి ఫైన్. ఇన్నాళ్ళూ లాంగ్ నోట్‌బుక్‌లో గీతలు గీసుకుని రాసేవాళ్ళం. 2024 మేలో ఎవరో కంప్యూటర్ ఇచ్చారని ఉత్సాహం వచ్చి, ఆన్‌లైన్‌లో ఒకాయన అమ్ముతున్న ఎక్సెల్ రిజిస్టర్ 349 పెట్టి కొన్నాను. ఇచ్చిన తేదీ కొడితే గడువు తేదీ అదే వస్తుంది, తిరిగిచ్చిన తేదీ కొడితే ఫైన్ అదే పడుతుంది అన్నాడు. పంపిన వీడియోలో చక్కగా పడింది కూడా.

జూన్ 1 నుంచి వాడటం మొదలెట్టాం. 10వ తారీఖు సాయంత్రం ఒకాయన వచ్చి గొడవ. వాళ్ళబ్బాయి 5న మేథ్స్ పుస్తకం పట్టుకెళ్ళి 10న తెచ్చిచ్చేశాడు, అయిదు రోజులే. మా కౌంటర్లో కూర్చునే గుంట రెండు తేదీలూ కొట్టగానే ఫైన్ గడిలో 138 అని పడింది, పాపం అది కంప్యూటర్ చెప్పిందే చెప్పింది. "ఏటి బాబూ, పదిహేను రోజులని చెప్పి అయిదు రోజులకే నూటముప్పై ఎనిమిదేటి, పుస్తకం ఖరీదే అంత లేదు" అన్నాడాయన. తప్పు మాది కాబట్టి తలొంచుకుని ఫైన్ లేదని పంపేశాను.

అమ్మినాయనకి మెసేజ్ పెడితే మీ సిస్టమ్ ప్రాబ్లం అన్నాడు. సగం నిజమే, అది తర్వాత తెలిసింది, మిగతా సగం ఎవరిదో చెప్తాను.

ఆ కంప్యూటర్‌లో విండోస్ రీజియన్ అమెరికాది ఉంది. అక్కడ తేదీలో నెల ముందు, రోజు తర్వాత. మనం 05/06/2024 కొడితే జూన్ 5 అనుకుంటాం, అది మే 6 అనుకుంటుంది. దానికి పదిహేను కలిపి గడువు మే 21 చేసింది. తిరిగిచ్చింది 10/06/2024 కొడితే అక్టోబర్ 6 అనుకుంది. మే 21 నుంచి అక్టోబర్ 6కి లెక్కేస్తే సరిగ్గా 138 రోజులు. కూడికల్లో తప్పు లేదు, తేదీలే మారిపోయాయి. గడిలో చూస్తే మాత్రం 5/6/2024, 10/6/2024 అనే కనబడుతుంది, మనం కొట్టినట్టే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. గడువు గడిలో 5/21/2024 అని ఉంది, ఇరవై ఒకటో నెల ఎక్కడుందిరా అని నేనైనా అడగాల్సింది, ఏదో స్టైల్ అనుకుని వదిలేశాను.

ఇంకో చిక్కు 12వ తారీఖు దాటాక మొదలైంది. 18/06/2024 కొడితే పద్దెనిమిదో నెల లేదు కదా, అప్పుడు ఎక్సెల్ దాన్ని తేదీగా తీసుకోదు, ఉత్త అక్షరాలుగా పెట్టేస్తుంది. మామూలుగా అయితే తేదీ గడిలో కుడివైపుకి జరిగి ఉంటుంది, అక్షరాలు ఎడమవైపుకి ఉంటాయి, చూడగానే తెలిసిపోతుంది. ఈ మహానుభావుడు అందంగా ఉంటుందని అన్ని గడులనీ సెంటర్ చేసి పెట్టాడు, ఆ గుర్తు కూడా పోయింది. అక్షరాల్లోంచి తేదీ తీసెయ్యమంటే ఎక్సెల్ #VALUE! అని అరవాలి. అరవనివ్వలేదు, చూడండి, G5లో ఆయన ఫార్ములా ఇది (D ఇచ్చిన తేదీ, E గడువు, F తిరిగిచ్చింది):

```
=IFERROR(IF(F5="",0,IF(F5>E5,(F5-E5)*1,0)),0)
```

ముందున్న ఆ IFERROR ఏం చేస్తుందంటే, ఏ తప్పొచ్చినా నోరు నొక్కేసి సున్నా చూపిస్తుంది. జూన్ 3న పట్టుకెళ్ళిన ఇంకో కుర్రాడు 25న తెచ్చాడు, గడువు 18, ఏడు రోజులు ఆలస్యం, ఏడు రూపాయలు రావాలి. 25/06/2024 అక్షరాలైపోయింది కాబట్టి ఫైన్ సున్నా. ముందు తెచ్చినోడికి 138, ఆలస్యంగా తెచ్చినోడికి సున్నా, ఎలా ఉందంటారు. ఇక 13 నుంచి ఇచ్చిన పుస్తకాలకైతే గడువు గడే ఖాళీ, అక్కడా IFERROR పెట్టి ఖాళీ వచ్చేలా చేశాడు.

పోనీ నేనే సరిచేసుకుందాం అంటే షీట్‌కి పాస్‌వర్డ్. ఫార్ములా చూడొచ్చు, మార్చలేం. అడిగితే పాస్‌వర్డ్ కావాలంటే ఇంకో 500 అన్నాడు, రీఫండ్ అంటే డిజిటల్ ఫైల్‌కి ఉండదట. రూపాయి ఫైన్‌ని రెండు రూపాయలు చేసుకోవాలన్నా ఆ *1 మార్చాలి, అదీ కుదరదు. కంప్యూటర్ సెట్టింగ్ నాదే, ఒప్పుకుంటాను, కానీ తప్పు తేదీ కొడితే ఆపే కట్టుబాటు పెట్టకపోవడం, వచ్చిన తప్పుని దాచెయ్యడం, తాళం వేసి అమ్మడం మాత్రం ఆయన పనే.

చివరికి కొత్త షీట్ తీసుకుని నేనే చేసుకున్నాను, సాయంత్రం పట్టింది. రీజియన్‌ని English (India) చేశాను. గడువుకి, ఫైన్‌కి ఈ రెండే, రోజుకి ఎంతో J1 గడిలో పెట్టాను:

```
E5: =IF(D5="","",D5+15)
G5: =IF(E5="","",MAX(0,IF(F5="",TODAY(),F5)-E5)*$J$1)
```

పుస్తకం ఇంకా రాకపోతే ఇవాళ్టి వరకు లెక్క చూపిస్తుంది, వచ్చి F నిండితే అక్కడితో ఆగిపోతుంది, ముందే తెస్తే మైనస్ రాకుండా MAX చూసుకుంటుంది. IFERROR కావాలనే పెట్టలేదు, తప్పొస్తే కనబడనీ. D, F గడులకి Data Validation లో Date పెట్టి, F మాత్రం D కంటే ముందుది కాకుండా కట్టాను, అక్షరాలు కొడితే తిప్పికొడుతుంది. చూపు మాత్రం dd-mmm-yyyy, అప్పుడు 05-Jun-2024 అని నెల పేరుతో కనబడుతుంది, తారుమారైతే కౌంటర్లో గుంట కూడా పట్టేస్తుంది. ఇవాళ్టి తేదీకి Ctrl+; నొక్కమన్నాను, అప్పుడు టైప్ చేసే గొడవే లేదు.

ఒక్కటి మర్చిపోకండి, రీజియన్ మార్చినంత మాత్రాన పాత ఎంట్రీలు బాగుపడవు. మే 6గా లోపల కూర్చున్నది మే 6గానే ఉంటుంది. మా లాంగ్ నోట్‌బుక్‌లో కూడా రాస్తూనే ఉన్నాం కాబట్టి సరిపోయింది, దాన్ని చూసి అరవై చిల్లర వరసలు మళ్ళీ కొట్టాం.

ఎవరైనా ఇలాంటివి కొంటుంటే డబ్బులు కట్టేముందు అమ్మేవాడిని రెండు వరసలు కొట్టి వీడియో పంపమనండి. ఒకటి 5న తీసుకుని 10న ఇచ్చింది, ఇంకోటి 3న తీసుకుని 25న ఇచ్చింది. మొదటిది సున్నా, రెండోది ఏడు రావాలి. తర్వాత తేదీ గడి ఫార్మాట్‌ని General చెయ్యమనండి, జూన్ 5, 2024కి 45448 రావాలి, 45418 వస్తే అది మే 6, ఏ అంకె మారకుండా 05/06/2024 అనే ఉండిపోతే అది అక్షరాలు. పాస్‌వర్డ్ ఇస్తాడో లేదో కూడా అప్పుడే అడగండి, నాలాగ 349 కట్టేశాక కాదు.